డబ్బులు కట్ అయ్యాయి, ప్లాన్ యాక్టివేట్ కాలేదు: టికెట్‌లో ఏం పెడితే త్వరగా తేలుతుంది

ప్రశ్న: ఒక లెర్నింగ్ యాప్‌లో టెస్ట్ సిరీస్ కోసం యూపీఐలో కట్టాను, బ్యాంకులో కట్ అయింది కానీ నా అకౌంట్‌లో ఇంకా ఫ్రీ యూజర్ అనే చూపిస్తోంది. టికెట్ పెడితే ప్రతిసారీ "దయచేసి స్క్రీన్‌షాట్ పంపండి" అంటున్నారు, పంపితే రెండ్రోజులకి మళ్ళీ అదే మాట. అసలు వీళ్ళకి ఏం పంపాలి, ఎలా పంపాలి?

సమాధానం:

నేను చాలా ఏళ్ళు పేమెంట్ సపోర్ట్‌లోనే చేశానండి, ఇదే టైపు టికెట్లు అటు పక్క కూర్చుని చూసేవాణ్ణి, ముందు ఫస్ట్ లెవెల్‌లో, తర్వాత వాళ్ళు తేల్చలేక పైకి పంపినవి చూసే టీమ్‌లో. కాబట్టి అటు పక్క ఏం జరుగుతుందో ముందు చెప్తాను, అది అర్థమైతే ఏం పంపాలో మీకే తెలిసిపోతుంది.

మీ టికెట్ ఓపెన్ చేసిన మనిషి దగ్గర మీ కథ వినే టైమ్ ఉండదు, అతని దగ్గర ఉండేది ఒక సెర్చ్ బాక్స్. అందులో ఏదో ఒక నంబర్ వెయ్యాలి, మీ పేమెంట్ బయటికి రావాలి. వస్తే మిగతాది చాలావరకు చకచకా అయిపోతుంది, రాకపోతే అతను చెయ్యగలిగింది ఒక్కటే, రెడీగా ఉన్న "దయచేసి స్క్రీన్‌షాట్ పంపండి" అనే మెసేజ్ నొక్కి టికెట్‌ని మీ కోర్టులోకి తోసెయ్యడం. మీకు అదే మెసేజ్ మళ్ళీ మళ్ళీ వస్తోందంటే వాళ్ళు చదవట్లేదని కాదు (కొంతమంది చదవరు, అది వేరే సంగతి), మీరు పంపినదాంట్లో సెర్చ్ బాక్స్‌లో వెయ్యడానికి పనికొచ్చే ముక్క దొరకలేదని అర్థం.

ఇక్కడ అసలు చిక్కు ఏంటంటే ఒక్క పేమెంట్‌కి ఒక్క నంబర్ ఉండదు. మీరు యాప్‌లో "బై నౌ" నొక్కగానే ఆ కంపెనీ సిస్టమ్ ఒక ఆర్డర్ ఐడీ పుట్టిస్తుంది. తర్వాత మధ్యలో ఉండి కంపెనీ తరఫున డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే తన ఐడీ తను ఇస్తుంది, ఉదాహరణకి రేజర్‌పే అయితే అది `pay_` అని మొదలవుతుంది, మీ మెయిల్‌కి వచ్చే రసీదులో ఉంటుంది. ఆ తర్వాత మీ యూపీఐ యాప్ తన సొంత ఐడీ పెట్టుకుంటుంది, ఫోన్‌పేలో `T` తో మొదలయ్యే పొడుగు నంబర్ అదే, గూగుల్ పేలో అయితే `Google transaction ID` అని కింద చిన్నగా కనిపించే అక్షరాల గుంపు. వీటన్నిటికీ కింద బ్యాంకుల మధ్య తిరిగే నంబర్ ఇంకోటి, 12 అంకెలది, దాన్నే బ్యాంకోళ్ళు ఆర్ఆర్ఎన్ అంటారు, ఫోన్‌పేలో `UTR` అని ఉంటుంది, గూగుల్ పేలో `UPI transaction ID` అని, పేటీఎంలో `UPI Ref No` అని, బ్యాంకు ఎస్ఎంఎస్‌లో ఒట్టి రెఫ్ నంబర్ అని. పేర్లు ఎన్నున్నా ఆ 12 అంకెలు ఒకటే.

జనం ఎక్కువగా పంపేది ఏదో తెలుసా, ఫోన్‌పే `T` నంబర్. ఎందుకంటే స్క్రీన్ మీద ముందు కనిపించేది, పక్కనే కాపీ గుర్తు ఉండేది అదే. అది ఫోన్‌పే వాళ్ళకి బంగారం, కానీ మీరు డబ్బు కట్టిన కంపెనీకి సాధారణంగా ఆ నంబర్ చేరదు, వాళ్ళ గేట్‌వే వేరే అయితే సెర్చ్‌లో ఏమీ రాదు. అక్కడే కింద "డెబిటెడ్ ఫ్రమ్" దగ్గర మీ బ్యాంకు పేరుతో పాటు `UTR` ఉంటుంది చూడండి, అది కావాలి. నా మట్టుకు అడిగితే యూపీఐ పేమెంట్ టికెట్‌లో ఒక్కటే ముక్క రాయడానికి ఛాన్స్ ఉంటే ఆ 12 అంకెలే రాస్తాను, ఎందుకంటే అటు కంపెనీ, మధ్యలో గేట్‌వే, ఇటు బ్యాంకు, అందరి దగ్గరా దొరికే నంబర్ అదొక్కటే. ఆర్డర్ ఐడీ కూడా ఉంటే ఇంకా మంచిది, అది కంపెనీ సొంత నంబర్ కాబట్టి వెతుక్కోవడం వాళ్ళకి అన్నిటికన్నా సులువు. కానీ పేమెంట్ మధ్యలో ఆగిపోయినప్పుడు ఆర్డర్ ఐడీ స్క్రీన్ మీదకి రాకుండానే పోతుంది చాలాసార్లు.

ఆ 12 అంకెల్లో ఒక చిన్న కిటుకు ఉంది. చాలావరకు మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడు అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెప్తాయి. అంటే ఇలా ఉందనుకోండి:

```
507512345678
```

5 అంటే 2025, 075 అంటే ఏడాదిలో 75వ రోజు, అంటే మార్చి 16. అన్ని యాప్‌లూ అన్నిసార్లూ ఈ లెక్క పాటించవు కాబట్టి దీన్ని సాక్ష్యం అనుకోకండి, మీరు సరైన పేమెంట్ నంబరే కాపీ చేశారా, పోయిన నెలది చేశారా అని చూస్కోడానికి పనికొస్తుంది అంతే. ఇంకోటి, 2020లో ఈ నంబర్లు సున్నాతో మొదలయ్యేవి, ఎవరైనా ఎక్సెల్‌లో పేస్ట్ చేస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 11 అంకెలు మిగిలేవి, ఆ ఏడాది అంతా "నంబర్ తప్పు" అని వెనక్కి పంపిన టికెట్లలో చాలా వాటి కథ అదే. ఇప్పుడు కూడా పంపేముందు ఒకసారి లెక్కపెట్టండి, 12 ఉండాలి, తక్కువైతే ఎక్కడో ఒకటి జారిపోయింది.

నంబర్‌ని టైప్ చెయ్యండి, అంటే కాపీ చేసి టెక్స్ట్‌గా పేస్ట్ చెయ్యండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ నేను చూసినంతలో టికెట్ ఒక్క రోజులో తేలడానికీ వారం పట్టడానికీ తేడా ఎక్కువసార్లు ఇదే. స్క్రీన్‌షాట్‌లో ఉన్న నంబర్‌ని అవతలి మనిషి కాపీ చెయ్యలేడు, కళ్ళతో చూసి కొట్టాలి, అంకెలయితే పర్లేదు కానీ `pay_` ఐడీలో పెద్ద ఓ అక్షరమా సున్నానా, చిన్న ఎల్ అక్షరమా ఒకటా అని తేల్చుకోలేక రెండుమూడు సార్లు ట్రై చేసి "రికార్డ్ దొరకలేదు" అని రాసేస్తాడు. పైగా టికెట్ పై టీమ్‌కి వెళ్ళేటప్పుడు చాలాచోట్ల టెక్స్ట్ ఒక్కటే వెళ్తుంది, అటాచ్‌మెంట్ విడిగా ఓపెన్ చెయ్యాలి. స్క్రీన్‌షాట్ రుజువు కోసం, టెక్స్ట్ వెతకడం కోసం. రెండూ పెట్టాలి, ఒకటి ఉంది కదా అని రెండోది మానెయ్యొద్దు.

ఇప్పుడు మీ ప్రశ్నకి దాదాపు అచ్చంగా సరిపోయే కేసు ఒకటి చెప్తాను, నంబర్లు మార్చాను. గ్రూప్ 2కి ప్రిపేర్ అవుతున్న ఒకమ్మాయి, ₹2,499 టెస్ట్ సిరీస్. మొదటి టికెట్‌లో ఇలా రాసింది: "15వ తారీఖు రాత్రి డబ్బులు కట్టాను, అకౌంట్‌లో కట్ అయ్యాయి, కోర్స్ ఓపెన్ అవ్వట్లేదు, ఎగ్జామ్ దగ్గరికొచ్చేసింది, చాలా అర్జెంట్ ప్లీజ్." కింద ఒక స్క్రీన్‌షాట్, పచ్చ టిక్ మార్కు, మధ్యలో అమౌంట్, అంతవరకే క్రాప్ చేసి పంపింది. ఫస్ట్ లెవెల్ కుర్రాడు ఆమె ఫోన్ నంబర్‌తో వెతికాడు, అకౌంట్ దొరికింది, ఫ్రీ యూజర్ అనే ఉంది, పేమెంట్ ఏమీ లేదు. 15వ తారీఖు ₹2,499 పేమెంట్లు వెతికాడు, ఆఫర్ నడుస్తున్న రోజు కాబట్టి బోలెడున్నాయి, ఆమె పేరుతో ఒక్కటీ లేదు. స్క్రీన్‌షాట్ పంపండి అన్నాడు. ఆమె అదే పచ్చ టిక్ మళ్ళీ పంపింది, ఈసారి ఇంకొంచెం కోపంగా. రెండ్రోజుల తర్వాత వేరే ఎగ్జిక్యూటివ్‌కి వెళ్ళింది, మళ్ళీ మొదటికొచ్చింది.

మా దగ్గరికి వచ్చాక ఆమెకి ఫోన్ చేసి అడిగితే మూడు విషయాలు బయటపడ్డాయి, మూడూ టికెట్‌లో లేనివే.

మొదటిది టైమ్. ఆమె కట్టింది రాత్రి 12:14కి. మన లెక్కలో అది 15వ తారీఖు రాత్రే, నిద్రపోలేదు కదా ఇంకా, కానీ క్యాలెండర్ ప్రకారం అప్పటికే 16. కుర్రాడు 15న వెతికితే ఎలా దొరుకుతుంది. ఇంకో మెలిక కూడా ఉంది, లోపలి సర్వర్ లాగ్‌లు చాలా కంపెనీల్లో మన టైమ్‌లో ఉండవు, యూటీసీలో ఉంటాయి, అది మనకన్నా ఐదున్నర గంటలు వెనక. అంటే ఆ పేమెంట్ లాగ్‌లో 15వ తారీఖు 18:44 అని పడి ఉంటుంది, డ్యాష్‌బోర్డ్‌లో 16వ తారీఖు 12:14 ఏఎం అని ఉంటుంది, ఆమె 15 రాత్రి అంటోంది. మన అర్ధరాత్రి నుంచి పొద్దున ఐదున్నర దాకా జరిగే ప్రతి పేమెంట్‌కీ ఈ తారీఖు గొడవ ఉంటుంది. అందుకే "రాత్రి", "ఇందాక", "నిన్న సాయంత్రం" లాంటివి రాయకండి, టికెట్ మూడ్రోజుల తర్వాత చదివేవాడికి ఆ "నిన్న" ఏదో తెలీదు. 16 మార్చి 2025, 12:14 ఏఎం, ఇండియా టైమ్ అని రాసెయ్యండి. అమెరికాలో ఉండి ఇక్కడి ఎన్ఆర్ఈ అకౌంట్ యూపీఐతో ఇంట్లోవాళ్ళ కోసం కట్టేవాళ్ళయితే ఇంకా జాగ్రత్త, ఫోన్‌లో కనిపించేది డల్లాస్ టైమ్ కావచ్చు, బ్యాంకు ఎస్ఎంఎస్‌లో తారీఖు ఇండియాది ఉంటుంది, ఏ ఊరి టైమో పక్కన రాయకపోతే రెండు వేర్వేరు పేమెంట్లు అనుకుంటారు.

టైమ్ ఎక్కణ్ణుంచి తీసుకోవాలి అంటే యూపీఐ యాప్‌లో ఆ ట్రాన్సాక్షన్ ఓపెన్ చేస్తే వచ్చే టైమ్ రాయండి. ఎస్ఎంఎస్ వచ్చిన టైమ్ కాదు, ఎస్ఎంఎస్ ఒక్కోసారి చాలా లేటుగా వస్తుంది. నిమిషం దాకా ఉంటే చాలు.

రెండోది, డబ్బు కట్టింది ఆమె కాదు, వాళ్ళ నాన్నగారు. ఆమె ల్యాప్‌టాప్‌లో వచ్చిన క్యూఆర్ కోడ్‌ని ఆయన తన ఫోన్‌తో స్కాన్ చేసి కట్టారు. మన ఇళ్ళల్లో ఇది మామూలే, పిల్లల యాప్, నాన్న ఫోన్‌పే, ఒక్కోసారి బావగారి బ్యాంకు. కానీ బ్యాంకు వైపు రికార్డులో ఉండేది కట్టినవాళ్ళ పేరు, వాళ్ళ యూపీఐ ఐడీ, ఈ అమ్మాయి పేరు అందులో ఎక్కడా ఉండదు. మామూలుగా గేట్‌వేలో కొన్నవాళ్ళ ఫోనో మెయిలో ఉంటుంది కాబట్టి ఆర్డర్ ద్వారా ఎలాగోలా పట్టుకుంటారు, అది కూడా తేడాగా ఉంటే ఇక దారి లేదు. అందుకని "అకౌంట్ నాది, కట్టింది మా నాన్న, ఆయన యూపీఐ ఐడీ ఇది" అని ఒక్క వాక్యం రాయాలి. ఇది రాయడానికి చాలామంది మొహమాటపడతారు, వేరేవాళ్ళ డబ్బు అంటే క్లెయిమ్ ఒప్పుకోరేమో అని. ప్లాన్ యాక్టివేషన్‌కి అది అడ్డం కాదు. రీఫండ్ అయితే మాత్రం కట్టిన అకౌంట్‌కే వెళ్తుంది, మీ అకౌంట్‌కి వెయ్యమంటే వెయ్యరు, అడిగి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

మూడోది అసలు కారణం. నాన్నగారి ఫోన్‌లో ఉన్న 12 అంకెల నంబర్ చెప్పించుకుని సెర్చ్ చేస్తే పేమెంట్ సెకన్లలో దొరికింది, సక్సెస్ అయింది, ప్లాన్ కూడా యాక్టివేట్ అయిపోయింది! కాకపోతే వేరే అకౌంట్‌లో. ఆమె మొదట ఫోన్ నంబర్ ఓటీపీతో లాగిన్ అయ్యేది, ఆ రోజు ల్యాప్‌టాప్‌లో కొనేటప్పుడు "కంటిన్యూ విత్ గూగుల్" నొక్కింది, సిస్టమ్ ఆ జీమెయిల్‌తో కొత్త అకౌంట్ తయారుచేసి ప్లాన్ దానికి ఇచ్చేసింది. తర్వాత ఫోన్‌లో పాత అకౌంట్ తెరిస్తే ఫ్రీ యూజర్ అనే ఉంటుంది మరి. ప్లాన్‌ని పాత అకౌంట్‌కి మార్చడానికి మాకు పట్టింది కొద్ది నిమిషాలు. అన్ని రోజులూ పోయింది దాన్ని వెతకడానికే.

మీది కూడా "బ్యాంకులో కట్, యాప్‌లో ఫ్రీ యూజర్" కాబట్టి టికెట్ పెట్టేముందు ఈ ఒక్కటీ చూడండి: మీకున్న ప్రతి జీమెయిల్‌తో, ప్రతి సిమ్ నంబర్‌తో ఆ యాప్‌లో లాగిన్ అయి చూడండి. ఆపిల్ ఫోన్‌లో `Hide My Email` పెట్టుకుని లాగిన్ అయినవాళ్ళకయితే ఆ యాప్‌లో మెయిల్ ఐడీ ఏదో పిచ్చి అక్షరాలతో ఉంటుంది, అది మీ అసలు మెయిల్ కాదు, సపోర్ట్ వాళ్ళకి అసలు మెయిల్ ఇస్తే ఏమీ దొరకదు. ప్రొఫైల్ పేజీలో చాలా యాప్‌లు యూజర్ ఐడీ అని ఒక నంబర్ చూపిస్తాయి, సెట్టింగ్స్ అడుగున వెర్షన్ నంబర్ పక్కన ఉంటుంది ఎక్కువగా. అది కాపీ చేసి ఇవ్వండి. పేరు ఇవ్వడం వల్ల ఉపయోగం లేదు, తెలుగువాళ్ళల్లో ఒకే పేరు, ఒకే ఇంటిపేరుతో ఎంతమంది ఉంటారో మీకు తెలియంది కాదు.

యాప్ లోపల కొన్నది గూగుల్ ప్లే ద్వారా అయితే మాత్రం పైన చెప్పినదంతా పక్కన పెట్టాలి. అప్పుడు డబ్బు వెళ్ళింది గూగుల్‌కి, కంపెనీ దగ్గర మీ యూటీఆర్ ఉండదు. గూగుల్ మెయిల్‌లో పంపిన రసీదులో `GPA.` అని మొదలయ్యే ఆర్డర్ నంబర్ ఉంటుంది, కంపెనీ వాళ్ళు వెతకగలిగేది అదే. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎవరికి వెళ్ళిందో పేరు చూస్తే ఇది తెలిసిపోతుంది.

స్క్రీన్‌షాట్ల సంగతికొద్దాం. పచ్చ టిక్ ఉన్న స్క్రీన్ దేనికీ పనికిరాదు, దాంట్లో ఉండేది అమౌంట్, కంపెనీ పేరు అంతే, పైగా అలాంటి టిక్ తయారుచేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి కాబట్టి ఎవరూ నమ్మరు. హిస్టరీలోకి వెళ్ళి ఆ ట్రాన్సాక్షన్ ఓపెన్ చేసి, కిందికి లాగి, యూటీఆర్, టైమ్, ఎవరి నుంచి ఎవరికి, స్టేటస్, ఈ నాలుగూ ఒకే స్క్రీన్‌లో కనపడేలా తీయండి, క్రాప్ చెయ్యకుండా. రెండోది మీ యాప్‌లో ఫ్రీ యూజర్ అని చూపిస్తున్న ప్రొఫైల్ పేజీ, యూజర్ ఐడీ కనపడేలా, పైన ఫోన్ టైమ్ ఉన్న పట్టీ కూడా ఉంచండి, ఎందుకంటే మీరు ఈ స్థితి ఎప్పుడు చూశారో దాన్నిబట్టే తెలుస్తుంది. మూడోది బ్యాంకు యాప్‌లో ఆ ఎంట్రీ. ఈ మూడు చాలు. పది స్క్రీన్‌షాట్లు పంపితే మొదటి రెండూ చూసి వదిలేస్తారు, నిజం చెప్తున్నా.

బ్యాంకు ఎంట్రీని చాలామంది పట్టించుకోరు కానీ గొడవ ఎవరి దగ్గర ఉందో చెప్పేది అదే. స్టేట్‌మెంట్‌లో ఇలాంటి లైన్ ఉంటుంది, ఒక్కో బ్యాంకుది ఒక్కో రకం:

```
UPI/DR/507512345678/...
```

`DR` అంటే మీ దగ్గర్నుంచి వెళ్ళింది. ఇప్పుడు ఆ 12 అంకెలతోనే కింద ఎక్కడైనా `CR` అనో `REV` అనో ఇంకో లైన్ ఉందా చూడండి. ఉంటే డబ్బు ఇప్పటికే తిరిగొచ్చేసింది, మీరు డెబిట్ మెసేజ్ చూశారు, క్రెడిట్ మెసేజ్ చూడలేదు. టికెట్ పెట్టి నాలుగు రోజులు పోట్లాడి చివరికి ఇది తేలిన కేసులు చాలానే ఉంటాయి, అందుకే సపోర్ట్ వాళ్ళు డెబిట్ తర్వాతి రోజుల ఎంట్రీలు కూడా కనపడే స్టేట్‌మెంట్ అడుగుతారు. అలా తిరిగొచ్చిన లైన్ లేకపోతే రెండు దారులు. యూపీఐ యాప్‌లో స్టేటస్ "ప్రాసెసింగ్" అనో "పెండింగ్" అనో ఉంటే డబ్బు ఇంకా బ్యాంకుల మధ్యే ఉంది, కంపెనీ వాళ్ళని తిట్టి లాభం లేదు, వాళ్ళకి రాలేదు. దీనికి ఆర్‌బీఐ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన రూల్ ఉంది, షాపుకో కంపెనీకో కట్టిన యూపీఐ పేమెంట్‌లో డబ్బు కట్ అయి అవతలికి కన్ఫర్మేషన్ చేరకపోతే, కట్ అయిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపు దానంతట అదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి ₹100 చొప్పున మీకివ్వాలి. మనిషికి మనిషి పంపుకున్నదైతే ఒక్క రోజే గడువు. ఈ గడువు లోపల బ్యాంకులో టికెట్ పెడితే "వెయిట్ చెయ్యండి" అనే జవాబే వస్తుంది, గడువు దాటాక పెట్టే టికెట్‌లో మాత్రం కట్ అయిన తారీఖు, గడువు ఏ రోజుకి అయిపోయిందో ఆ తారీఖు, రెండూ రాయండి, రోజులు వాళ్ళని లెక్కపెట్టనివ్వకండి.

స్టేటస్ సక్సెస్ అని ఉండి, రివర్సల్ లేకపోతే డబ్బు కంపెనీకో వాళ్ళ గేట్‌వేకో చేరింది. మీది ఇదే అయితే బ్యాంకుకి వెళ్ళకండి. ఇక్కడ ఒక హెచ్చరిక, కంపెనీలో టికెట్ నడుస్తుండగానే బ్యాంకులో డిస్ప్యూట్ కూడా పెట్టేస్తుంటారు, రెండు వైపులా నొక్కితే త్వరగా అవుతుందని. జరిగేది ఎదురు. డిస్ప్యూట్ పడితే గేట్‌వే ఆ పేమెంట్ మీద తాళం వేస్తుంది, కంపెనీ రీఫండ్ ఇద్దామన్నా ఇవ్వలేదు, డిస్ప్యూట్ తేలేదాకా అందరూ ఆగాల్సిందే. ముందు కంపెనీకి టైమ్ ఇవ్వండి, తేల్చకపోతే అప్పుడు బ్యాంకు.

రెండుసార్లు కట్ అయినవాళ్ళు ఇంకో తప్పు చేస్తారు, "డబుల్ డెబిట్ అయింది, ఒకటి రీఫండ్ చెయ్యండి" అని రాసి ఒకే నంబర్ ఇస్తారు. వాళ్ళు ఆ నంబర్ వెతికితే అది ప్లాన్ యాక్టివేట్ అయిన మంచి పేమెంట్ అవుతుంది, "మీ పేమెంట్ సక్సెస్, ప్లాన్ యాక్టివ్‌గా ఉంది" అని టికెట్ మూసేస్తారు. రెండు నంబర్లూ రాసి, రెండు టైమ్‌లూ రాసి, మొదటిది ఫెయిల్ అని చూపించింది అందుకే రెండోసారి కట్టాను, ప్లాన్ వచ్చింది రెండోదానికి, మొదటిది వెనక్కి కావాలి అని విడమర్చి చెప్పాలి. అమౌంట్ కూడా కూపన్ పోను బ్యాంకులో ఎంత కట్ అయిందో పైసలతో సహా అదే రాయండి, యాప్‌లో చూపించిన ధర కాదు.

దాచాల్సినవి దాచండి. బ్యాలెన్స్, మిగతా ట్రాన్సాక్షన్లు, అకౌంట్ నంబర్లో చివరి నాలుగు అంకెలు తప్ప మిగతావి ఎవరికీ అక్కర్లేదు. ఫోన్‌లో ఎడిట్ చేసేటప్పుడు హైలైటర్ పెన్నుతో నల్లగా రుద్దితే బ్రైట్‌నెస్ పెంచితే కింద ఉన్నది కనపడే అవకాశం ఉంది, గట్టి రంగు డబ్బా పెట్టండి. స్టేట్‌మెంట్ పీడీఎఫ్ పాస్‌వర్డ్‌తో సహా పంపకండి, ఆ పాస్‌వర్డ్‌లు చాలా బ్యాంకుల్లో పుట్టినతేదీతోనో కస్టమర్ నంబర్‌తోనో అల్లినవి. ఓటీపీ, యూపీఐ పిన్, సీవీవీ ఏ సపోర్టుకీ అవసరం లేదు, అడిగారంటే అది సపోర్ట్ కాదు. యూటీఆర్ ఇవ్వడం వల్ల ఎవరూ డబ్బు తీసుకోలేరు, అది టికెట్‌లో ధైర్యంగా ఇవ్వచ్చు, కాకపోతే ఎక్స్‌లో కంపెనీని ట్యాగ్ చేసి అందరికీ కనపడేలా పెట్టకండి, పెట్టిన కాసేపటికే కంపెనీ లోగో పెట్టుకున్న దొంగ అకౌంట్లు "మేము సహాయం చేస్తాం, ఈ నంబర్‌కి కాల్ చెయ్యండి" అంటూ వాలిపోతాయి.

ఇవన్నీ కలిపి ఆ అమ్మాయి మొదటి టికెట్ ఇలా ఉండుంటే చాలు:

"నా యూజర్ ఐడీ 884213, ఫోన్ నంబర్ ఓటీపీతో లాగిన్ అవుతాను. 16 మార్చి 2025, 12:14 ఏఎం ఇండియా టైమ్‌కి ₹2,499.00 మా నాన్న యూపీఐ నుంచి కట్టాం. యూటీఆర్ 507512345678, యూపీఐ యాప్‌లో స్టేటస్ సక్సెస్. బ్యాంకులో ఇవాళ్టి దాకా రివర్సల్ లేదు. నా అకౌంట్‌లో ఇంకా ఫ్రీ యూజర్ అనే ఉంది. కొన్నది ల్యాప్‌టాప్‌లో, అక్కడ గూగుల్‌తో లాగిన్ అయ్యుండచ్చు. నాకు కావాల్సింది ఈ యూజర్ ఐడీలో ప్లాన్ యాక్టివేట్ చెయ్యడం, రీఫండ్ వద్దు. మూడు స్క్రీన్‌షాట్లు జత చేశాను."

చివర్లో "నాకు కావాల్సింది ఇది" అనే వాక్యం చూశారా, అది లేకపోతే కొంతమంది ఎగ్జిక్యూటివ్‌లు పని తేలిగ్గా అయిపోతుందని రీఫండ్ నొక్కేస్తారు, ఆఫర్ ధర పోయి మళ్ళీ పూర్తి రేటుకి కొనుక్కోవాలి. అర్జెంట్, ప్లీజ్, కన్జ్యూమర్ కోర్టుకి వెళ్తా లాంటివి రాసినా రాయకపోయినా క్యూలో పెద్ద తేడా ఉండదు, ఎగ్జామ్ తారీఖు రాస్తే మాత్రం మనిషన్నవాడు కొంచెం కదులుతాడు.

మీరిప్పటికే టికెట్ పెట్టారు కాబట్టి కొత్తది పెట్టకండి. అదే టికెట్‌కి రిప్లైగా పై మోడల్‌లో మొత్తం ఒకే మెసేజ్‌లో రాయండి, "ఇంతకుముందే పంపాను కదా" అని పాత మెసేజ్‌లు చూసుకోమనకండి, కొత్తగా చూసేవాడు చివరి మెసేజే చదువుతాడు. కొత్త టికెట్ పెడితే రెంటినీ కలపడం ఒక పని, ఒక్కోసారి ఇద్దరు మనుషులు చెరోటి పట్టుకుని ఒకరు ప్లాన్ ఇచ్చి ఇంకొకరు రీఫండ్ చేసి, ఆ తర్వాత రీఫండ్ అయింది కదా అని సిస్టమ్ ప్లాన్ తీసేస్తుంది.

వాళ్ళు "రీఫండ్ చేసేశాం" అని టికెట్ మూసేస్తే, మూసిన టికెట్‌కే రిప్లై పెట్టి రీఫండ్ రిఫరెన్స్ అడగండి, యూపీఐ అయితే దానికీ ఒక 12 అంకెల నంబర్ ఉంటుంది, కార్డు అయితే ఏఆర్ఎన్ అని 23 అంకెలది. `rfnd_` అని మొదలయ్యేది ఇస్తే అది గేట్‌వే లోపలి నంబర్, మీ బ్యాంకుకి అది తెలీదు, బ్యాంకు వెతకగలిగే నంబర్ కావాలని మళ్ళీ అడగండి. అది చేతికొచ్చాక కూడా డబ్బు కనపడకపోతే ఇప్పుడు బ్యాంకులో కంప్లైంట్ పెట్టాలి, ఆ నంబర్, రీఫండ్ తారీఖు, అమౌంట్ టెక్స్ట్‌గా రాసి. బ్యాంకు ఇచ్చే కంప్లైంట్ నంబర్, తారీఖు దాచుకోండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ సైట్ `cms.rbi.org.in` లో ఫిర్యాదు పెట్టేటప్పుడు ముందు అడిగేది అవే.